ప్రైమ్, స్విగ్గీ వన్ లాంటి మెంబర్‌షిప్‌లు మధ్యలో ఆపితే డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: నా అమెజాన్ ప్రైమ్ పోయిన వారం దానంతటదే రెన్యూ అయి కార్డు నుంచి 1,499 రూపాయలు కట్ అయ్యాయి. ఓటీపీ కూడా అడగలేదు. స్విగ్గీ వన్ మూడు నెలలకి తీసుకున్నాను, నెల తిరక్కముందే ఉద్యోగం వల్ల ఊరు మారాం, ఇక్కడ వాడకం దాదాపు లేదు. రెండూ క్యాన్సిల్ చేస్తే మిగిలిన రోజులకి డబ్బు ఇస్తారా? వాడుకోని ఫ్రీ డెలివరీల సంగతేంటి?

జవాబు:

ప్రైమ్ డబ్బు వెనక్కి రావడానికి మీకు మంచి అవకాశం ఉంది. షరతు ఒక్కటే. డబ్బు కట్ అయిన రోజు నుంచి ఈ రోజు వరకు మీ అకౌంట్‌లో ప్రైమ్ ప్రయోజనం ఏదీ వాడి ఉండకూడదు. స్విగ్గీ వన్ డబ్బు మాత్రం రాదు. అక్కడ క్యాన్సిల్ అంటే ఇక ముందు రెన్యూ కాకుండా ఆపడమే, కట్టిన మూడు నెలలు అయ్యేదాకా పాస్ నడుస్తూనే ఉంటుంది. ఇక వాడుకోని ఫ్రీ డెలివరీలకు ఎవరూ రూపాయల్లో విలువ కట్టి ఇవ్వరు. ఎందుకంటే మీరు కొన్నది ఇన్ని డెలివరీలు అని కాదు, ఇన్ని రోజుల పాటు ఉచితంగా తెప్పించుకునే హక్కు.

నేను ఒక ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీ కస్టమర్ సపోర్ట్‌లో, ఎక్కువ కాలం రీఫండ్ల డెస్క్‌లోనే పనిచేశాను. ఇప్పుడు తెలిసినవాళ్లకి ఇలాంటి ఫిర్యాదులు రాసి పెడుతుంటాను. రెండు వైపులా చూశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఇవాళే చేయాల్సిన పని ఒకటి ఉంది, ముందు అది.

ఇంట్లో టీవీలో ప్రైమ్ వీడియో లాగౌట్ చేయండి. నవ్వులాట కాదు. ప్రైమ్ రీఫండ్‌లో లెక్కలోకి వచ్చేది మీరు వాడారా లేదా అని కాదు, మీ అకౌంట్ వాడిందా లేదా అని. పిల్లలు ఒక సినిమా పది నిమిషాలు చూసి ఆపేసినా అది వాడకమే. ఫోన్‌లో ప్రైమ్ మ్యూజిక్‌లో పాట పెట్టినా వాడకమే. ఫ్రీ డెలివరీతో ఇరవై రూపాయల స్క్రూడ్రైవర్ తెప్పించినా వాడకమే. కిండిల్‌లో ప్రైమ్ రీడింగ్ కింద పుస్తకం తీసుకున్నా అంతే. వీటిలో ఏదీ జరగకపోతే, ఈ టర్మ్‌కి కట్టిన ఫీజు మొత్తం వెనక్కి ఇస్తామని అమెజాన్ తన నిబంధనల్లోనే రాసుకుంది. కిందటి ఏడాది మీరు ఎంత వాడారన్నది లెక్కలోకి రాదు. చివరిసారి డబ్బు కట్ అయిన తేదీ నుంచే చూస్తారు.

ఇది వారం రోజుల కిందటి సంగతి అంటున్నారు కాబట్టి ఆలస్యం చేయకండి. నిబంధనలో ఇన్ని రోజుల్లోపే అని లేకపోయినా, రోజు గడిచేకొద్దీ ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి నొక్కే అవకాశం పెరుగుతుంది. రీఫండ్ డెస్క్‌లో కూర్చున్నవాళ్ల స్క్రీన్ మీద రెన్యూ తేదీ, ఆ తర్వాత వాడకం, రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. కస్టమర్ ఎంత బతిమాలినా, ఎంత కోప్పడినా, ఆ రెండో గడిలో సున్నా ఉందా లేదా అన్నదే మొదట చూసేది.

చేయాల్సింది ఇది. యాప్‌లో కన్నా బ్రౌజర్‌లో చేయండి, పేజీలు పూర్తిగా కనిపిస్తాయి. అకౌంట్ మెనూలో ప్రైమ్ మెంబర్‌షిప్ పేజీకి వెళ్లి, Manage Membership నొక్కి, అక్కడ మెంబర్‌షిప్ ముగించే లింకు పట్టుకోండి. తర్వాత వరసగా రెండు మూడు పేజీలు వస్తాయి. మొదటిదాంట్లో మీరు పోగొట్టుకోబోయే సదుపాయాలన్నీ బొమ్మలతో చూపిస్తారు. ఇంకోదాంట్లో చిన్న ప్లాన్‌కి మారతారా, తర్వాత గుర్తు చేయమంటారా అని అడుగుతారు. వీటిలో పెద్దగా, రంగులో కనిపించే బటన్ సాధారణంగా మిమ్మల్ని వెనక్కి తిప్పేదే. ముందుకు తీసుకెళ్లేది పక్కన ఉంటుంది. చివరి పేజీలో రెండు రకాల మాటల్లో ఒకటి ఉంటుంది. ఒకటి, ఇప్పుడే ముగిస్తే ఇంత రీఫండ్ అని అంకెతో. రెండోది, ఫలానా తేదీన ముగుస్తుంది అని తేదీతో. అంకె కనిపిస్తే రీఫండ్ వస్తుంది. తేదీ మాత్రమే కనిపిస్తే రెన్యువల్ ఆగుతుంది, డబ్బు రాదు. ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి, ఆ తర్వాతే కన్ఫర్మ్ నొక్కండి. తర్వాత గొడవ వస్తే మీ చేతిలో ఉండే ఒకే ఒక్క కాగితం అదే.

తేదీ మాత్రమే చూపించినా, మీరు నిజంగా ఏమీ వాడలేదని నమ్మకం ఉంటే కన్ఫర్మ్ చేయకుండా ఆగి, చాట్‌లో కస్టమర్ కేర్‌ని అడగండి. రీఫండ్ తీసుకుంటే ఆ క్షణం నుంచే సదుపాయాలు పోతాయి. దారిలో ఉన్న ఆర్డర్లు మాత్రం మామూలుగానే వస్తాయి. ప్రైమ్ వీడియోలో విడిగా డబ్బు కట్టి తీసుకున్న చానళ్లు, ప్రకటనలు లేకుండా చూసే యాడ్-ఆన్ లాంటివి ఉంటే వాటికి వేరే రెన్యువల్ ఉంటుంది, వాటినీ ఆపారో లేదో చూసుకోండి. అసలు మెంబర్‌షిప్ ఆపేసి దీన్ని మర్చిపోయేవాళ్లు చాలామంది.

చాట్‌లో ఏం రాయాలి అంటే, కథ వద్దు. సపోర్ట్‌లో మొదట తగిలే మనిషి ఒకేసారి ముగ్గురు నలుగురితో చాట్ చేస్తుంటాడు. మీ ఇబ్బందులు చదివే తీరిక అతనికి ఉండదు, ఉన్నా నిర్ణయం అతని చేతిలో ఉండదు. ఇలా రాస్తే చాలు: "ఫలానా తేదీన నా ప్రైమ్ ఆటోమేటిక్‌గా రెన్యూ అయి 1,499 రూపాయలు కట్ అయింది. ఆ తేదీ తర్వాత ఏ సదుపాయమూ వాడలేదు, మీరే చూసుకోండి. మెంబర్‌షిప్ ఇప్పుడే ముగించి, డబ్బు కట్టిన కార్డుకే వెనక్కి ఇవ్వండి. బ్యాలెన్స్ రూపంలో వద్దు." ఆఖరి వాక్యం తప్పకుండా ఉండాలి. త్వరగా అవుతుందని చెప్పి వాలెట్‌లోకో, గిఫ్ట్ కార్డుగానో వేసే అలవాటు ఈ రంగంలో చాలా చోట్ల ఉంది. ఆ డబ్బు మళ్లీ అక్కడే ఖర్చు పెట్టాలి తప్ప మీ బ్యాంకు ఖాతాలోకి రాదు.

ఒక కేసు చెబుతాను, దీంట్లో ఎక్కడ తేడా వస్తుందో తెలుస్తుంది. మా పిన్ని కొడుకుకి ఇలాగే ఒక షాపింగ్ సైట్ ఏడాది పాస్ రెన్యూ అయింది. ఆ సైట్ పేరు ఇక్కడ అనవసరం. నాలుగో రోజున చూసుకుని క్యాన్సిల్‌కి వెళ్తే తేదీ మాత్రమే చూపించింది, రీఫండ్ అంకె లేదు. "అన్నయ్యా, నేనేమీ కొనలేదు, వీళ్లు దొంగలు" అని ఫోన్. ఆర్డర్ల పేజీ తీయించాను, నిజమే, ఆ నాలుగు రోజుల్లో ఆర్డరేమీ లేదు. వీడియో చూసిన చరిత్ర కూడా ఖాళీ. అయితే రెన్యూ కావడానికి ముందురోజు పెట్టిన ఆర్డర్ ఒకటి, రెన్యూ అయిన మర్నాడు ఇంటికి వచ్చింది. ఆ ఆర్డర్ డెలివరీ కొత్త టర్మ్‌లో పడింది కాబట్టి సిస్టమ్ దాన్ని కొత్త టర్మ్ వాడకంగా లెక్కేసింది. చాట్‌లో మొదటి మనిషి కుదరదన్నాడు. ఆర్డర్ పెట్టిన తేదీ, డబ్బు కట్ అయిన తేదీ రెండూ ఒకే స్క్రీన్‌షాట్‌లో పెట్టి, ఇది పాత టర్మ్‌లో పెట్టిన ఆర్డర్ అని రాసి, పై స్థాయికి పంపమని అడిగించాను. రెండు రోజులకి మొత్తం ఫీజు వాపసు ఇచ్చారు. మీకూ అలాంటిదేమైనా ఉందేమో రెన్యూ తేదీకి అటూ ఇటూ ఉన్న ఆర్డర్లు ఓసారి చూడండి. తప్పుగా పడిన లెక్కని సరిచేయమని అడగడం వేరు, నిబంధనకి బయట దయ చూపమని అడగడం వేరు. మొదటిది దాదాపు ఎప్పుడూ పని చేస్తుంది. రెండోది ఆ రోజు ఎదురుగా కూర్చున్న సూపర్‌వైజర్ మీద ఆధారపడుతుంది.

వాడేసి ఉంటే? ఏడాది ప్లాన్‌లో రెండు నెలలు వాడి మిగతా పది నెలలకి డబ్బు అడిగితే, లెక్క కట్టి ఇవ్వాలని ఎక్కడా లేదు. ఒక్కోసారి క్యాన్సిల్ పేజీలోనే కొంత మొత్తం చూపిస్తుంది, అప్పుడు తీసుకోవచ్చు. చూపించకపోతే మాత్రం రెన్యువల్ ఆపేసి, మిగిలిన నెలలు వాడుకోవడమే లాభం. వచ్చే ఏడాది గురించి అనుమానం ఉన్నవాళ్లు ఏడాదికి 1,499 ఒకేసారి కట్టే బదులు, పండగ నెలలో ఒక్క నెల ప్లాన్ 299 కట్టి ఆపుకోవడం మంచిది. ఐదు నెలలకు 1,495 అవుతుంది, అంటే ఐదు నెలలకి మించి వాడేవాళ్లకే ఏడాది ప్లాన్ గిట్టుతుంది.

ఇక స్విగ్గీ వన్. జొమాటో గోల్డ్ కూడా ఇదే తీరు. ఫుడ్ యాప్‌ల మెంబర్‌షిప్ ఫీజు వాపసు లేదని కొనేటప్పుడే నిబంధనల్లో ఉంటుంది. ప్రైమ్ ఇస్తున్నప్పుడు వీళ్లెందుకు ఇవ్వరని చాలామంది అడుగుతారు. ఫుడ్ పాస్‌ని ఆఫర్లలో మూడు నెలలకి వంద, రెండొందల రూపాయలకి అమ్ముతారు. రెండు మూడు ఆర్డర్లలో డెలివరీ ఛార్జీ మిగిలితే ఆ ఫీజు వచ్చేసినట్టే. వాడుకున్నాక రీఫండ్ ఇవ్వడం మొదలుపెడితే వారాంతంలో నాలుగు బిర్యానీలు తెప్పించుకుని సోమవారం క్యాన్సిల్ చేసేవాళ్లే ఎక్కువ ఉంటారు. కాబట్టి వాళ్లు ఆ తలుపే మూసేశారు. న్యాయమా అంటే, ఒక్క ఆర్డర్ కూడా పెట్టని మనిషికి కూడా ఇవ్వకపోవడం నాకు న్యాయంగా అనిపించదు. కానీ కొనేముందు చెప్పారు కాబట్టి ఆ ఒక్క కారణంతో గెలవడం కష్టం.

ఇక్కడ కొందరు 2020 నాటి ఈ-కామర్స్ రూల్స్ చూపించి, క్యాన్సిలేషన్ ఛార్జీ వేయకూడదని వాదించమంటారు. ఆ రూల్ నిజమే. కంపెనీ తనంతట తాను క్యాన్సిల్ చేసినప్పుడు అలాంటి ఛార్జీ తను భరించకపోతే, వినియోగదారుడి మీదా వేయకూడదని ఉంది. అయితే అది ఆర్డర్ రద్దు చేసినందుకు వేసే ఛార్జీ గురించి. మొదలై నడుస్తున్న పాస్‌లో మిగిలిన రోజులకు డబ్బు ఇవ్వాలని ఆ రూల్ చెప్పదు. ఆ వాదనతో వెళ్తే సపోర్ట్‌లోనే తిప్పి పంపేస్తారు, మీ సమయం దండగ.

ఫుడ్ పాస్ డబ్బు గట్టిగా అడగదగ్గ సందర్భాలు మూడే. డబ్బు కట్ అయ్యి పాస్ మొదలవకపోవడం, రెండుసార్లు కట్ అవడం, కొన్నప్పుడు చూపించిన సదుపాయాన్ని మధ్యలో తీసేయడం.

మొదటి దానికి రిజర్వ్ బ్యాంక్ నియమమే ఉంది. యూపీఐతోనో కార్డుతోనో కట్టినప్పుడు ఖాతాలో డబ్బు కట్ అయి, అమ్మేవాడికి కన్ఫర్మేషన్ చేరకపోతే, ఆ లావాదేవీ అయిన రోజు తర్వాత ఐదు రోజుల్లోపు డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం. ఇది 2019 సెప్టెంబరు సర్క్యులర్. చాలామంది యాప్ కస్టమర్ కేర్‌తో వారాల తరబడి గొడవపడతారు, అడగాల్సింది బ్యాంకుని. రెండుసార్లు కట్ అయినప్పుడు మాత్రం యాప్‌నే అడగాలి, ఎందుకంటే రెండు డబ్బులూ వాళ్లకి చేరాయి. రెండు లావాదేవీల నంబర్లూ ఇస్తే ఇది సులువుగా తేలుతుంది.

మూడోదే చిక్కు. సదుపాయాలు మారే అవకాశం ఉందని నిబంధనల్లో ఎప్పుడూ ఒక వాక్యం ఉంటుంది. 2025 మేలో జొమాటో అదే చేసింది. అప్పటిదాకా వాన పడేటప్పుడు వేసే అదనపు ఛార్జీ గోల్డ్ సభ్యులకి ఉండేది కాదు. ఆ నెల నుంచి వాళ్లకీ వేయడం మొదలుపెట్టారు, ముందే కట్టినవాళ్లకి కూడా. ప్రైమ్‌లో అదే ఏడాది జూన్ 17 నుంచి వీడియోల మధ్య ప్రకటనలు మొదలయ్యాయి. ఇలాంటి సందర్భంలో పూర్తి రీఫండ్ అడక్కండి, నిలవదు. ఫలానా తేదీన కొన్నప్పుడు ఈ సదుపాయం ఉంది, ఫలానా తేదీ నుంచి తీసేశారు, మిగిలిన ఇన్ని రోజులకు లెక్క కట్టి ఇవ్వండి అని అడగండి. కొన్న రోజు స్క్రీన్‌షాట్ ఉంటే బలం. సాధారణంగా కూపన్‌తోనో, పాస్ గడువు కొంత పెంచో సరిపెడతారు. అది చాలనుకుంటే తీసుకోండి.

మీ విషయంలో కంపెనీ ఏమీ తీసేయలేదు, మీరు ఊరు మారారు. కాబట్టి పై మూడింట్లో మీరు రారు. కానీ స్విగ్గీ వన్ ఊరికి కట్టిన పాస్ కాదు, మీ అకౌంట్‌కి కట్టిన పాస్. కొత్త ఊళ్లో స్విగ్గీ ఉంటే అక్కడా పని చేస్తుంది, కాకపోతే కనీస ఆర్డర్ మొత్తం, దూరం, పాస్ వర్తించే హోటళ్లు చూసుకోవాలి. హోటళ్లు తక్కువగా ఉన్న ఊళ్లో ఫ్రీ డెలివరీ గుర్తు ఉన్నవి ఇంకా తక్కువ ఉంటాయి. అందుకే వాడకం లేదనిపిస్తుంది. మీ అమ్మానాన్నలో, అక్కచెల్లెళ్లో పాత ఊళ్లోనే ఉంటే, వాళ్ల అడ్రస్ మీ యాప్‌లో సేవ్ చేసి అక్కడికి పంపించండి. లొకేషన్‌ని ఆ అడ్రస్‌కి మారిస్తే అక్కడి హోటళ్లు, ఇన్‌స్టామార్ట్ సరుకులు కనిపిస్తాయి, పాస్ అక్కడ మామూలుగానే పనిచేస్తుంది. వయసు పైబడ్డ అమ్మానాన్నలకి కిరాణా పంపడానికే ఈ పాస్ ఉంచుకునేవాళ్లు నాకు తెలుసు. పాస్‌ని వేరేవాళ్ల అకౌంట్‌కి మార్చమని మాత్రం అడక్కండి, అది కుదరదు.

రెన్యువల్ ఒక్కటీ ఇవాళే ఆపండి. యాప్‌లో మీ పాస్ పేజీకి వెళ్లి ఆటో రెన్యూ అని ఉంటే ఆపేయండి. ఆపినంత మాత్రాన మిగిలిన రోజులు పోతాయేమోనన్న భయంతో చివరి రోజుదాకా ఆగేవాళ్లు చాలామంది. అలా ఆగి, గడువుకు ఒకటి రెండు రోజుల ముందే డబ్బు లాగే యాప్‌లకు చిక్కుతారు. ఇవాళ ఆపినా పాస్ గడువు చివరిదాకా నడుస్తుంది.

ఓటీపీ అడగకుండా ఎలా కట్ అయిందన్నారు. అది మోసం కాదు. మొదటిసారి ప్రైమ్ తీసుకున్నప్పుడు కార్డు మీద ఈ-మాండేట్ పెట్టారు, అంటే గడువు వచ్చినప్పుడల్లా తీసుకోమని బ్యాంకుకి ముందస్తు అనుమతి. 15,000 రూపాయల లోపు అలాంటి చెల్లింపులకి ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదు. కాకపోతే డబ్బు తీసే 24 గంటల ముందు మీ బ్యాంకు నుంచి మెసేజో మెయిలో రావాలి. ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్న వివరాలతో పాటు వద్దనుకుంటే ఆపే దారి కూడా దాంట్లో ఉండాలి. మీ ఎస్ఎంఎస్‌లలో వెతకండి, ఆఫర్ల మెసేజ్‌ల మధ్య ఎక్కడో ఉంటుంది. నిజంగా రాకపోతే అది బ్యాంకు లోపం. రాతపూర్వకంగా బ్యాంకుకి ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కి రాయవచ్చు.

మాండేట్ రద్దు చేయడం, మెంబర్‌షిప్ రద్దు చేయడం ఒకటి కాదు. ఇక్కడే చాలామందికి గందరగోళం. బ్యాంకు యాప్‌లో లేదా యూపీఐ యాప్‌లో ఆటోపే పేజీలోకి వెళ్లి మాండేట్ రద్దు చేస్తే ఇక ముందు డబ్బు పోదు, అంతే. కట్టిన డబ్బు రీఫండ్‌కి దానివల్ల ఏ మార్పూ ఉండదు. మెంబర్‌షిప్ కూడా గడువు దాకా మామూలుగానే ఉంటుంది. యాప్ డిలీట్ చేస్తే ఇవేవీ ఆగవు. రెండు చోట్లా ఆపడం మంచి అలవాటు. యాప్‌లో ఆపితే కంపెనీకి తెలుస్తుంది, మాండేట్ రద్దు చేస్తే వాళ్ల సిస్టమ్ పొరపాటున అడిగినా బ్యాంకు ఇవ్వదు. ప్రైమ్ రీఫండ్ అడుగుతున్నారు కాబట్టి భయం వద్దు, మాండేట్ రద్దు చేసినా రీఫండ్ అదే కార్డుకి వస్తుంది. కార్డునే బ్లాక్ చేయించడం మాత్రం వద్దు. రీఫండ్ పాత కార్డు నంబరు వెతుక్కుంటూ వెళ్లి బ్యాంకులో ఇరుక్కుపోతే, దాన్ని బయటికి లాగడం పెద్ద టెన్షన్.

బ్యాంకుకి వెళ్లి ఇది నేను చేసిన లావాదేవీ కాదని డిస్ప్యూట్ పెట్టమని కూడా కొందరు సలహా ఇస్తారు. పెట్టకండి. మాండేట్ మీరే ఇచ్చారు కాబట్టి అది నిలవదు. పైగా మోసపు ఫిర్యాదుగా చూసి ఆ షాపింగ్ అకౌంట్‌నే ఆపేసే ప్రమాదం ఉంది, అందులో మీ వాలెట్ బ్యాలెన్స్, నడుస్తున్న రిటర్న్‌లు అన్నీ ఉంటాయి.

రీఫండ్ ఇచ్చామన్న మెయిల్ వచ్చాక, పని దినాలు లెక్కేసుకుని ఓ వారం చూడండి. అప్పటికీ రాకపోతే మళ్లీ ఎప్పుడొస్తుందని అడగకండి. కార్డు రీఫండ్ అయితే ఏఆర్ఎన్ ఇవ్వమనండి, అది 23 అంకెల నంబరు. యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబరు. ఆ నంబరు ఇవ్వగలిగారంటే డబ్బు నిజంగా వాళ్ల దగ్గర్నుంచి కదిలిందన్నమాట, ఇక మీ బ్యాంకు దాన్ని పట్టుకుంటుంది. ఇవ్వలేకపోతే వాళ్ల దగ్గర బటన్ నొక్కారు కానీ డబ్బు కదల్లేదని అర్థం. డెస్క్‌లో ఉన్నప్పుడు ఈ నంబరు అడిగిన కస్టమర్‌ని మేం ఎప్పుడూ తేలిగ్గా తీసుకునేవాళ్లం కాదు. క్రెడిట్ కార్డు వాడేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి, రీఫండ్ స్టేట్‌మెంట్‌లో జమగా కనిపిస్తుంది కానీ అప్పటికే వచ్చిన బిల్లు తగ్గకపోవచ్చు. బిల్లు మొత్తం కట్టేయండి, జమ తర్వాతి నెలలో సర్దుబాటవుతుంది.

మీరు నేరుగా కొన్నారు కాబట్టి ఇదంతా వర్తిస్తుంది. ఫోన్ రీఛార్జ్ ప్లాన్‌తోనో, క్రెడిట్ కార్డుతోనో ఉచితంగా వచ్చిన మెంబర్‌షిప్ అయితే రీఫండ్ ప్రశ్నే లేదు, యాప్‌కి మీరు రూపాయి కట్టలేదు. ఆపిల్, గూగుల్ ప్లే ద్వారా కట్టినవాళ్లు క్యాన్సిల్, రీఫండ్ రెండూ అక్కడే అడగాలి. యాప్ కస్టమర్ కేర్ దగ్గర వాళ్ల బిల్లే కనిపించదు.

ప్రైమ్ విషయంలో వాడకం సున్నా అయి ఉండి కూడా కాదన్నారంటే మెట్టు మెట్టుగా వెళ్లండి. ప్రతి ఈ-కామర్స్ కంపెనీకి గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, పేరు, మెయిల్ ఐడీ సైట్‌లోనే పెట్టాలి. ఆయనకి మెయిల్ చేస్తే 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఈ మెయిల్‌కీ చాట్‌కీ చాలా తేడా ఉంది. చాట్‌లో ఒకడు కాదన్నాక ఇంకొకడు కూడా పాత నోట్ చదివి అదే అంటాడు. గ్రీవెన్స్‌కి వచ్చినదాన్ని కొత్తగా విప్పి చూస్తారు. అక్కడా కాకపోతే 1915 కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు, లేదా consumerhelpline.gov.in లో నమోదు చేయండి. ఈ హెల్ప్‌లైన్ కోర్టు కాదు, ఆదేశం ఇవ్వదు. ఫిర్యాదుని కంపెనీ వైపు ఇందుకోసమే పెట్టిన మనిషికి పంపుతుంది. వెయ్యి, రెండు వేల రూపాయల విషయాల్లో చాలావరకు అక్కడే తేలిపోతుంది, ఎందుకంటే కంపెనీకి ఆ డబ్బు కన్నా ఆ ఫైల్ నడపడమే ఖర్చు.

క్యాన్సిల్ లింకే దొరకలేదనో, నొక్కితే మళ్లీ మొదటికి తీసుకెళ్తోందనో అయితే ఫిర్యాదులో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అన్న మాట వాడండి. 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో 13 రకాల మాయలకు పేర్లు పెట్టారు, అందులో ఇదొకటి. క్యాన్సిల్ దారి దాచడం, దాన్ని తిప్పి తిప్పి పొడవు చేయడం, ఉచిత ట్రయల్‌కి కార్డు వివరాలు తప్పనిసరి చేయడం అన్నీ దాని కిందికి వస్తాయి. నోటి మాట చాలదు, ప్రతి పేజీ వరసగా స్క్రీన్ రికార్డింగ్ తీసి జత చేయండి. అమెరికాలో అమెజాన్ ఈ రకం కేసులోనే 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుంది, అందులో 150 కోట్లు సభ్యులకు వాపసు కోసమే. అక్కడ క్యాన్సిల్ చేసే దారికి కంపెనీ లోపల ఇలియడ్ అని పేరు పెట్టుకున్నారట, ఆ గ్రీకు యుద్ధకావ్యం ఎంత పొడుగో తెలిసినవాళ్లే పెట్టి ఉంటారు. ఆ డబ్బు అక్కడి ఖాతాలకే, మన అమెజాన్.ఇన్ సభ్యులకు వర్తించదు. అక్కడున్న మీ బంధువులెవరైనా అడిగితే చెప్పండి.

చివరి మెట్టు వినియోగదారుల కమిషన్. e-jagriti.gov.in లో ఇంటి నుంచే ఫైల్ చేయవచ్చు, ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. కానీ 1,499 కోసం వాయిదాలకు తిరగడం మీ ఓపిక మీద ఉంటుంది. నేనైతే గ్రీవెన్స్ మెయిల్, 1915 రెండూ అయిపోయి, నా దగ్గర రెన్యూ తర్వాత వాడకం సున్నా అని చూపే కాగితం ఉంటేనే వెళ్తాను. ముందు మాత్రం టీవీ లాగౌట్ చేసి, బ్రౌజర్‌లో ఆ క్యాన్సిల్ పేజీ చివరిదాకా వెళ్లి, అంకె ఉందో తేదీ ఉందో ఇక్కడ రాయండి. తేదీయే ఉంటే రెన్యూ అయిన రోజుకి అటూ ఇటూ ఉన్న ఆర్డర్ల తేదీలు కూడా రాయండి, చూసి చెబుతాను.